మినిమం బ్యాలెన్స్ పెనాల్టీ వెనక్కి రావాలంటే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఏం రాయాలి?

ప్రశ్న: ఉద్యోగం మానేశాక నా శాలరీ అకౌంట్ మామూలు సేవింగ్స్ అకౌంట్ అయిపోయిందట. మినిమం బ్యాలెన్స్ లేదని 590 రూపాయలు కట్ చేశారు. బ్రాంచిలో అడిగితే "సిస్టమ్ కట్ చేసింది, మా చేతుల్లో ఏం లేదు" అంటున్నారు. గ్రీవెన్స్ ఆఫీసర్‌కి లెటర్ రాద్దామనుకుంటున్నా. ఏమని రాయాలి? అసలు పనవుతుందా?

జవాబు:

2023లో నాకూ అచ్చం ఇలాగే జరిగింది, అంతే మొత్తం. బ్యాంకు పేరు ఎందుకులెండి, ఒక ప్రైవేటు బ్యాంకు. జీఎస్టీతో సహా మొత్తం తిరిగొచ్చింది కాబట్టి నేను ఏం చేశానో చెప్తాను.

ముందుగా, లెటర్‌లో ఏం రాయకూడదో తెలుసుకోండి. "ఇంత పెనాల్టీ అన్యాయం", "పదేళ్ల కస్టమర్‌ని", "పేదవాళ్ల డబ్బు లాక్కుంటున్నారు" లాంటివి వద్దు. కోపం న్యాయమైనదే, కానీ దానివల్ల పని కాదు. సేవకు ఎంత చార్జీ పెట్టాలన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం కిందికి వస్తుంది. అలాంటి నిర్ణయాల మీద ఫిర్యాదును, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ ఆంబుడ్స్‌మన్ కూడా విచారణకు తీసుకోరు. చార్జీ ఎక్కువైందని కాకుండా, ఆ చార్జీ వేసేముందు పాటించాల్సిన నిబంధనను పాటించలేదని రాయాలి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఆ నిబంధన ఇది. రిజర్వ్ బ్యాంక్ 2014 నవంబర్ 20న ఇచ్చిన సర్క్యులర్ 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సేవింగ్స్ అకౌంట్లో మినిమం బ్యాలెన్స్ తగ్గితే బ్యాంకు వెంటనే పెనాల్టీ వేయకూడదు. ముందు ఎస్సెమ్మెస్, ఈమెయిల్ లేదా ఉత్తరం ద్వారా ఖాతాదారుకు చెప్పాలి. ఆ నోటీసు తేదీ నుంచి నెలలోపు బ్యాలెన్స్ సరిచేయకపోతే చార్జీ పడుతుందని అందులో ఉండాలి. నెల దాటినా సరిచేయకపోతేనే, ఆ సంగతి మళ్లీ తెలియజేసి చార్జీ వేయాలి. ఆ చార్జీ కూడా ఎంత తగ్గిందో దాన్ని బట్టే ఉండాలి, కేవలం చార్జీల వల్ల అకౌంట్ మైనస్‌లోకి పోకూడదు.

కాబట్టి మీరు చూడాల్సినవి రెండు తేదీలు. బ్యాలెన్స్ తగ్గిందని నోటీసు ఏ రోజు వచ్చింది, డబ్బులు ఏ రోజు కట్ అయ్యాయి. ఈ రెండింటి మధ్య నెల లేకపోతే మీ కేసు గట్టిదే.

నా విషయంలో లెక్కలో తప్పేం లేదు. ఆ అకౌంట్లో నెల సగటు 10,000 ఉండాలి. జూన్‌లో మొదటి 6 రోజులు 3,000, మిగతా 24 రోజులు 1,000 ఉంది. రోజూ సాయంత్రానికి మిగిలిన బ్యాలెన్సులు కూడితే 18,000, 24,000 కలిపి 42,000. ముప్పైతో భాగిస్తే సగటు 1,400. అంటే 8,600 తగ్గింది. బ్యాంకు చార్జీల పట్టికలో "లోటులో 6 శాతం లేదా 500, ఏది తక్కువైతే అది" అని ఉంది. 6 శాతం అంటే 516, కాబట్టి 500 వేశారు. దాని మీద 18 శాతం జీఎస్టీ 90. మొత్తం 590. పైసా తేడా లేదు. బ్రాంచిలో ఆవిడ ఈ లెక్కే కాగితం మీద వేసి చూపించి "చూడండి సార్, కరెక్టే కదా" అన్నారు. కరెక్టే. కానీ మొదటి ఎస్సెమ్మెస్ జూలై 3న వచ్చింది, డబ్బు జూలై 5న పోయింది. నెల ఇవ్వాల్సిన చోట రెండు రోజులిచ్చారు.

మీరు కూడా ఈ లెక్క ఒకసారి వేసుకోండి. చాలామంది నెలాఖరున 10,000 ఉంటే చాలనుకుంటారు, బ్యాంకు చూసేది నెల మొత్తం సగటు. కొన్ని బ్యాంకుల్లో మూడు నెలల సగటు చూస్తారు. లెక్కలోనే తప్పు దొరికితే అది రెండో పాయింటు అవుతుంది.

నోటీసు కోసం వెతికేటప్పుడు ఫోన్‌లోని మెసేజీలే కాదు, ఈమెయిల్ స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి. బ్యాంకు దగ్గర మీ పాత ఆఫీసు మెయిల్ ఐడీ ఉంటే నోటీసు అక్కడికే పోయి ఉండొచ్చు. శాలరీ అకౌంట్లలో ఇది మామూలే. నిజంగా నెల ముందే నోటీసు వచ్చి ఉండి, ఆ తర్వాత కట్ చేస్తే మాత్రం ఈ దారి పనిచేయదు. అప్పుడు మర్యాదగా ఒకసారికి మాఫీ చేయమని బ్రాంచి మేనేజర్‌ని అడగడమే.

ఇక లెటర్. నేను ఇంగ్లీషులో పంపాను, ఎందుకంటే చదివేవాళ్లు ముంబైలో కూర్చుంటారు. ఇక్కడ తెలుగులో పెడుతున్నాను, వివరాలు మార్చుకుని వాడుకోండి.

> గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్ గారికి,
>
> విషయం: సేవింగ్స్ అకౌంట్ (చివరి నాలుగు అంకెలు ….) లో 05-07-2023న నోటీసు గడువు ఇవ్వకుండా వేసిన మినిమం బ్యాలెన్స్ చార్జీ రూ. 590 తిరిగి జమ చేయడం గురించి
>
> పై అకౌంట్లో 05-07-2023న జూన్ నెల మినిమం బ్యాలెన్స్ చార్జీగా రూ. 500, జీఎస్టీ రూ. 90 డెబిట్ చేశారు. బ్యాలెన్స్ తగ్గిందని నాకు మొదటి సమాచారం 03-07-2023న ఎస్సెమ్మెస్‌గా వచ్చింది. అంతకుముందు ఎస్సెమ్మెస్, ఈమెయిల్, ఉత్తరం ఏదీ అందలేదు.
>
> సేవింగ్స్ అకౌంట్లలో మినిమం బ్యాలెన్స్ చార్జీలపై రిజర్వ్ బ్యాంక్ 20-11-2014న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం నోటీసు తేదీ నుంచి నెల గడువు ఇచ్చాకే చార్జీ వేయాలి. నా విషయంలో ఆ గడువు ఇవ్వలేదు.
>
> కాబట్టి రూ. 590 పూర్తిగా తిరిగి జమ చేయగలరు. 03-07-2023కి ముందే నోటీసు పంపామని బ్యాంకు భావిస్తే, అది ఏ తేదీన, ఏ నంబరుకు లేదా ఏ మెయిల్‌కు పంపారో రాతపూర్వకంగా తెలపగలరు.
>
> బ్రాంచిలో ఇచ్చిన ఫిర్యాదు నంబరు: ….
>
> జతపరిచినవి: స్టేట్‌మెంట్‌లో సంబంధిత పేజీ, ఎస్సెమ్మెస్ స్క్రీన్‌షాట్.

ఇంతే, ఒక పేజీ దాటనివ్వకండి. ఇందులో అసలు పనిచేసేది నోటీసు వివరాలు అడిగే వాక్యమే. అది లేకపోతే "మా చార్జీల పట్టిక ప్రకారమే వేశాం" అని రెడీమేడ్ జవాబొకటి పంపి ఫిర్యాదు క్లోజ్ చేసేస్తారు. నాకు మొదట వచ్చింది కూడా అదే. అదే మెయిల్‌కి రిప్లై కొట్టి "పట్టిక గురించి అడగలేదు, నోటీసు తేదీ అడిగాను, దయచేసి అది చెప్పండి" అని మాత్రం రాశాను. వాళ్ల దగ్గర ఆ తేదీ ఉంటేగా చెప్పడానికి.

స్క్రీన్‌షాట్‌లో తేదీ, పంపినవారి పేరు కనబడాలి. ఎస్సెమ్మెస్ లోపలి మాటలొక్కటే కత్తిరించి పంపితే లాభం లేదు. ఓటీపీలు, మిగతా లావాదేవీలు కనబడకుండా చూసుకోండి.

ఎక్కడికి పంపాలంటే, బ్యాంకు వెబ్‌సైట్లో ఫిర్యాదుల పేజీలో మెట్లు ఉంటాయి. మొదట బ్రాంచి లేదా కస్టమర్ కేర్, ఆ పైన గ్రీవెన్స్ ఆఫీసర్ లేదా నోడల్ ఆఫీసర్, చివర ప్రిన్సిపల్ నోడల్ ఆఫీసర్. ఆఫీసర్ పేరు, మెయిల్ బ్రాంచిలో గోడ మీద కూడా రాసి ఉంటాయి. మొదటి మెట్టు దాటకుండా రాస్తే మళ్లీ బ్రాంచికే తోసేస్తారు, అందుకే బ్రాంచిలో నోటితో అడిగి ఊరుకోకుండా ఫిర్యాదు నంబరు తీసుకోండి. చేతికి ఇస్తే నకలు మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. ఎందుకంటే బ్యాంకు ఫిర్యాదు అందుకున్న తేదీ నుంచి 30 రోజులు లెక్క మొదలవుతుంది. ఆలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, రిజర్వ్ బ్యాంక్ ఆంబుడ్స్‌మన్‌కి `cms.rbi.org.in` లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఫీజేమీ లేదు, లాయర్ అక్కర్లేదు. బ్యాంకుకి రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే మాత్రం వెనక్కి పంపేస్తారు.

నాకు అక్కడిదాకా వెళ్లే పని పడలేదు. మెయిల్‌కి జవాబు బదులు బ్రాంచి నుంచి ఫోన్ వచ్చింది. "సార్, గుడ్‌విల్ కింద 500 రివర్స్ చేస్తాం, మీరు కంప్లయింట్ విత్‌డ్రా చేసుకుంటున్నట్టు ఒక మెయిల్ పెట్టండి, జీఎస్టీ మాత్రం గవర్నమెంటుకి వెళ్లిపోయింది కదా" అన్నాడా అబ్బాయి. పాపం, వాడి టెన్షన్ వాడిది. నేను ఒప్పుకోలేదు. చార్జీయే తప్పయితే దాని మీద వేసిన పన్నూ తప్పే, ఆ సర్దుబాటు బ్యాంకు చూసుకోవాలి. 590 మొత్తం జమ అయ్యాకే మెయిల్ పెడతానన్నాను. జమయ్యాక "590 జమ అయింది, నా ఫిర్యాదు పరిష్కారమైంది" అని రాశాను, విత్‌డ్రా అన్న మాట వాడలేదు. మీకూ ఇలాంటి ఫోన్ వస్తే, చెప్పేదేదో మెయిల్‌లో పంపమనండి.

ఒకవేళ పెద్ద బ్యాంకు మీ ఫిర్యాదును తిరస్కరిస్తే, ఆ జవాబు పంపేముందు బ్యాంకు తనే నియమించుకున్న ఇంటర్నల్ ఆంబుడ్స్‌మన్ చూశారా అని అడగండి. పూర్తిగా గానీ కొంత గానీ తిరస్కరించే ఫిర్యాదుల్ని బ్యాంకే ఆయన ముందు పెట్టాలి. మనం ఆయనకి నేరుగా రాయలేం, కానీ ఆ ప్రశ్న వేస్తే ఫైలు ఇంకోసారి తెరుస్తారు.

ఇంకో సంగతి మర్చిపోకండి. ఈ ఫిర్యాదు నడుస్తున్నా పెనాల్టీ మీటరు ఆగదు. మీకు వచ్చిన ఎస్సెమ్మెస్సే నోటీసు అనుకుంటే, దాని తేదీ నుంచి నెల దాటాక వేసే చార్జీకి ఈ లెటర్ అడ్డుపడదు. కాబట్టి ఆలోపు బ్యాలెన్స్ నింపండి, లేదా అకౌంట్ అక్కర్లేకపోతే మూసేయండి. ఉంచుకోవాలంటే మినిమం బ్యాలెన్స్ అక్కర్లేని బేసిక్ సేవింగ్స్ అకౌంట్‌గా మార్చమని రాతపూర్వకంగా అడగండి. దానికి విత్‌డ్రాయల్స్ మీద కొంత పరిమితి ఉంటుంది, అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ అకౌంట్ ఉండకూడదు. మూసేస్తే మాత్రం ముందు స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసుకోండి, తర్వాత నెట్ బ్యాంకింగ్ తెరుచుకోదు. రిఫండ్ ఏ అకౌంట్‌కి వేయాలో కూడా లెటర్‌లో ఒక లైను కలపండి.

మీకు మొదటి ఎస్సెమ్మెస్ వచ్చిన తేదీ, డెబిట్ తేదీ కింద కామెంట్‌లో రాయండి, చూసి చెప్తాను. అకౌంట్ నంబరు మాత్రం పెట్టకండి.