సమోష్ణోగ్రతా వ్యాకోచంలో పనికి ln ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: ఉష్ణోగ్రత మారకుండా వాయువు వ్యాకోచిస్తే చేసే పని nRT ln(V₂/V₁) అని పుస్తకంలో ఉంది. 1/V ని మామూలు సూత్రంతో ఇంటిగ్రేట్ చేస్తే నాకు V⁰/0 వస్తోంది. మధ్యలో ఈ ln ఎక్కడి నుంచి ఊడిపడింది? మొదటి పీడనాన్ని పెరిగిన ఘనపరిమాణంతో గుణిస్తే సరిపోదా?

జవాబు: రెండో ప్రశ్నను ముందు పట్టుకుంటాను. నాకు ఈ విషయం అర్థమైంది అటు నుంచే, అదీ ఒక తప్పు చేశాక.

కాలేజీలో ఒక పరీక్షలో ఈ లెక్క ఇచ్చారు. 1 మోల్ ఆదర్శ వాయువు, 300 K దగ్గర, 10 లీటర్ల నుంచి 20 లీటర్లకు నెమ్మదిగా వ్యాకోచించింది, పని ఎంత? సూత్రం నోటికి వచ్చు కాబట్టి రెండు నిమిషాల్లో 751 J అని రాసి ముందుకెళ్లిపోయాను. పేపర్లు తిరిగి ఇచ్చేటప్పుడు సార్ నా జవాబు కింద చిన్న గ్రాఫ్ గీసి, అందులో రెండు దీర్ఘచతురస్రాలు పెట్టి, "ఈ రెండింటి మధ్యలో ఉందా చూడు" అన్నారు. అంతే, ఇంకేం చెప్పలేదు.

ఆ దీర్ఘచతురస్రాలు ఏంటంటే: nRT విలువ 8.314 × 300, అంటే 2494 J. దాన్ని ఘనపరిమాణంతో భాగిస్తే పీడనం వస్తుంది. 10 లీటర్ల దగ్గర 249.4 kPa, 20 లీటర్ల దగ్గర అందులో సగం, 124.7 kPa. (kPa ని లీటరుతో గుణిస్తే నేరుగా జౌళ్లే వస్తాయి. నాకు ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.) పీడనం మొదటి నుంచి చివరిదాకా 249.4 దగ్గరే ఉండిపోతే పని 2494 J. మొదటి నుంచే 124.7 అయితే 1247 J. అసలు పీడనం ఈ రెండింటి మధ్య జారుతూ వస్తుంది కాబట్టి పని కూడా ఈ రెండింటి మధ్యే ఉండి తీరాలి. నా 751 కింది హద్దును కూడా తాకలేదు. మీరు అడిగిన గుణకారం పై హద్దు ఇస్తుంది. వాయువు పెరిగే కొద్దీ పీడనం పడిపోతోందన్న సంగతిని అది లెక్కలోకే తీసుకోదు.

ఆ సాయంత్రం గ్రాఫ్ పేపర్ ముందేసుకుని కూర్చున్నాను. 10 నుంచి 20 దాకా ఉన్న వంపు కింద రెండేసి లీటర్ల వెడల్పుతో ఐదు పట్టీలు గీశాను. ఒక్కో పట్టీకి సరిగ్గా మధ్యలో, అంటే 11, 13, 15, 17, 19 లీటర్ల దగ్గర పీడనం కట్టాను: 226.7, 191.9, 166.3, 146.7, 131.3. మొత్తం 862.9, దాన్ని వెడల్పు 2 తో గుణిస్తే దాదాపు 1726 J. ఇంటిగ్రేషన్ అంటే చేసేది ఇదే పని, పట్టీలను ఇంకా ఇంకా సన్నం చేస్తూ పోవడమే. కచ్చితమైన జవాబు 1729 J, అంటే ఐదు పట్టీలతోనే మూడు జౌళ్ల దూరానికి వచ్చేశాం.

ఇప్పుడు ln సంగతి. అదే వాయువును 20 నుంచి 40 లీటర్లకు పెంచితే పని ఎంత? మళ్లీ ఐదు పట్టీలే గీయండి. ఈసారి ఒక్కో పట్టీ వెడల్పు 4 లీటర్లు, అంటే రెట్టింపు. మొదటి పట్టీ మధ్య బిందువు 22 లీటర్లు, అక్కడ పీడనం 113.4, అంటే ఇందాకటి 226.7 లో సగం. వెడల్పు రెట్టింపు, ఎత్తు సగం, వైశాల్యం అదే. ప్రతి పట్టీకీ ఇంతే. కాబట్టి 10 నుంచి 20కి ఎంత పనో, 20 నుంచి 40కీ అంతే పని. ఈ వంపు కింద వైశాల్యానికి ఘనపరిమాణం ఎన్ని లీటర్లు పెరిగిందన్నది ముఖ్యం కాదు, ఎన్ని రెట్లు అయిందన్నదే ముఖ్యం. రెట్లు గుణించుకుంటూ పోతే వైశాల్యాలు కూడుకుంటూ పోతాయి. గుణకారాన్ని కూడికగా మార్చేది సంవర్గమానం కదా! 1/V కింద దాక్కున్నది అదే. 17వ శతాబ్దంలో సెయింట్ విన్సెంట్ గ్రెగొరీ అతిపరావలయం వైశాల్యాల్లో ఈ గుణాన్ని గమనించాడు, అది సంవర్గమానమేనని 1649లో సరాసా చెప్పాడు.

సరే, మరి పది ఆధారంగా ఉండే log ఎందుకు కాకూడదు? నేను పరీక్షలో చేసిన తప్పు సరిగ్గా ఇక్కడే. కాలిక్యులేటర్ మీద ln బదులు పక్కనున్న log నొక్కాను. చిన్న అడుగుతో తేడా తెలిసిపోతుంది. వాయువు 10 నుంచి 10.1 లీటర్లకే పెరిగిందనుకోండి. పీడనం దాదాపు మారదు కాబట్టి పని 249.4 × 0.1, అంటే సుమారు 24.9 J. nRT ln(1.01) కడితే 24.8 వస్తుంది. log తో కడితే 10.8 వస్తుంది. ఒక శాతం పెరుగుదలకు 0.01 కి దగ్గరగా విలువ ఇచ్చేది సహజ సంవర్గమానం మాత్రమే. log తోనే కట్టాలనుకుంటే 2.303 తో గుణించాలి. పాత పుస్తకాల్లో కనిపించే ఆ అంకె ఇందుకే.

మీకు వచ్చిన V⁰/0 కూడా పనికిమాలినదేం కాదు. V ని 10x అని రాస్తే dV/V కాస్తా dx/x అవుతుంది, లీటర్లు కొట్టుకుపోతాయి, x 1 నుంచి 2 దాకా వెళ్తుంది. ఇప్పుడు ఘాతం −1 కి బదులు −0.99 పెట్టి మీ మామూలు సూత్రమే వాడండి: (2^0.01 − 1)/0.01 = 0.6956. −0.999 పెడితే 0.6934. ln 2 అంటే 0.6931. సూత్రం −1 దగ్గర విరిగిపోయినట్టు కనిపిస్తుంది కానీ దగ్గరికి వెళ్లే కొద్దీ ln వైపే నడుస్తుంది. విడిగా చూస్తే రెండు హద్దుల విలువలూ అనంతానికి పోతాయి, తేడా మాత్రం నిలబడుతుంది.

పుస్తకంలో ఒక్క వరుసలో రాసేది ఇదే:

```
W = ∫ P dV = nRT ∫ dV/V = nRT ln(V₂/V₁)
  = 2494 × 0.6931 ≈ 1729 J
```

nRT ని ఇంటిగ్రల్ బయటికి తేగలిగింది T మారదు కాబట్టే. వాయువు పని చేస్తూ కూడా చల్లబడకుండా ఉండాలంటే బయటి నుంచి వేడి అందుతూ ఉండాలి. ఆదర్శ వాయువుకు ఉష్ణోగ్రత మారకపోతే అంతర్గత శక్తి మారదు, కాబట్టి లోపలికి వచ్చిన వేడి కూడా సరిగ్గా 1729 J. T ని 300 కాకుండా 27 అని, సెల్సియస్‌లో వేస్తే 156 J వస్తుంది. పీడనం విడిగా ఇచ్చి ఉంటే, పైన చెప్పిన హద్దులతో ఆ తప్పు కూడా వెంటనే దొరుకుతుంది.

చివరిగా, ఆ దీర్ఘచతురస్రాలను పూర్తిగా కొట్టిపారేయకండి. పైన లెక్కంతా పిస్టన్ నెమ్మదిగా కదిలి, బయటి పీడనం ప్రతి క్షణం లోపలి పీడనానికి దాదాపు సమానంగా ఉన్నప్పుడే. పిస్టన్ మీద బరువు ఒక్కసారిగా తీసేసి బయటి పీడనాన్ని 124.7 kPa కి దించేస్తే, వాయువు మొదటి నుంచీ నెట్టేది దాన్నే. అప్పుడు పని సరిగ్గా 1247 J, అక్కడ ln లేదు. బయట శూన్యమే అయితే నెట్టడానికి ఏమీ లేదు, పని సున్నా. లెక్కలో "నెమ్మదిగా" లేదా "ఉత్క్రమణీయ" అన్న మాట కనిపిస్తేనే ln వాడండి. రసాయనశాస్త్రం పుస్తకంలో ఇదే జవాబు −1729 అని ఉంటే కంగారు పడకండి, అక్కడ వాయువు మీద జరిగిన పనిని ధనాత్మకంగా తీసుకుంటారు.