కామెంటేటర్ ఆఫ్‌సైడ్ అనగానే ఎటు చూడాలి

చిన్నా,

రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తూ నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్నే చూశాను. డిఫెండర్లని దాటేసి ఒంటరిగా ఉన్నవాడికి బాల్ అందితే ఎవరూ ఏమీ అనలేదు, కాసేపటికి ఇంకోడికి అచ్చం అలాగే అందితే ఆఫ్‌సైడ్ అని జెండా లేపేశారు, ఇదేం న్యాయం బాబాయ్ అన్నావు. చూసేవాళ్ళకి రెండూ ఒకేలా కనిపిస్తాయి రా, కానీ తేడా ఉంది, ఆ తేడా బాల్ అందిన చోట ఉండదు, అంతకుముందే జరిగిపోయి ఉంటుంది.

నువ్వు ఒక్కటి గట్టిగా పట్టుకో. ఆఫ్‌సైడా కాదా అనేది బాల్ అందిన క్షణంలో చూడరు, తన టీమ్ వాడు పాస్ కొట్టినప్పుడు కాలు బాల్‌కి తగిలిన క్షణంలో చూస్తారు. పాస్ గాల్లో ఒక సెకను పైనే ఉంటుంది, ఆలోపు మంచి స్ట్రైకర్ చాలా దూరం పరిగెత్తేస్తాడు, అందుకే బాల్ అందేటప్పటికి చుట్టూ ఎవరూ ఉండరు, మనకేమో వీడు ముందునుంచీ అక్కడే కాచుకుని ఉన్నాడేమో అనిపిస్తుంది. రీప్లేలో బొమ్మ ఆపి గీత గీస్తారు కదా, ఎప్పుడు ఆపుతున్నారో గమనించు, పాస్ ఇచ్చేవాడి కాలి దగ్గర బాల్ ఉన్నప్పుడే ఆపుతారు. 2022 వరల్డ్ కప్‌లో అయితే ఆ క్షణం తప్పిపోకూడదనే బాల్ లోపల సెన్సర్ పెట్టారు, సెకనుకి 500 సార్లు డేటా పంపేది అది.

సరే, ఆ క్షణంలో ఏం చూస్తారు అంటే, ముందున్న ఆటగాడు అవతలి టీమ్ సగంలో ఉన్నాడా, బాల్ కంటే గోల్ లైన్‌కి దగ్గరగా ఉన్నాడా, అవతలి టీమ్‌లో చివరి నుంచి రెండోవాడి కంటే కూడా దగ్గరగా ఉన్నాడా. మూడూ అవునంటేనే ఆఫ్‌సైడ్ పొజిషన్. తన సగంలో ఉన్నా, బాల్ వెనకే ఉన్నా, ఆ రెండోవాడితో సమానంగా ఉన్నా ఆన్‌సైడే. సమానంగా ఉంటే ఆన్‌సైడ్ అనేది 1990లో మార్చిన రూల్, అంతకుముందు అది కూడా ఆఫ్‌సైడ్ కిందే లెక్క. చేతులు లెక్కలోకి రావు, తల, ఒళ్ళు, పాదాలు వస్తాయి, అందుకే ఒక్కోసారి మోకాలో బూటు కొనో ముందుందని గోల్ రద్దు చేసేస్తారు, అది చూసి కోపం తెచ్చుకోకు, రూలే అంత సన్నగా ఉంది.

ఇక్కడ కామెంటరీ నిన్ను ఒక చోట తికమక పెడుతుంది. వాళ్ళు లాస్ట్ డిఫెండర్ లాస్ట్ డిఫెండర్ అంటుంటారు, ఎందుకంటే మామూలుగా అందరికంటే వెనక గోల్‌కీపర్ ఉంటాడు, అతన్ని ఒకడిగా లెక్కేస్తే రెండోవాడు ఆ లాస్ట్ డిఫెండరే అవుతాడు. కానీ కీపర్ ముందుకొచ్చేస్తే? అప్పుడు ఆ మాట పనికిరాదు. 2022 వరల్డ్ కప్ మొదటి మ్యాచ్ గుర్తు చేసుకో, దొరికితే హైలైట్స్ చూడు, ఖతార్ మీద ఈక్వెడార్. మూడో నిమిషంలోనే ఈక్వెడార్ ఆటగాడు ఎన్నెర్ వాలెన్సియా తలతో గోల్ కొట్టాడు, స్టేడియం అంతా అరుపులు, తర్వాత వీఏఆర్, అంటే రీప్లేలు చూసే వీడియో రెఫరీలు, చూసి గోల్ లేదన్నారు. చాలామందికి అర్థం కాలేదు, ఎందుకంటే వాలెన్సియా ఆఫ్‌సైడ్‌లో లేడు, పైగా గోల్ దగ్గర ఒక ఖతార్ డిఫెండర్ ఉన్నాడు కదా అనుకున్నారు. జరిగిందేంటంటే, ఫ్రీ కిక్ లోపలికి వచ్చింది, ఖతార్ కీపర్ గోల్ వదిలి ముందుకొచ్చి ఈక్వెడార్ ఆటగాడు ఫెలిక్స్ టోరెస్‌తో కలిసి గాల్లోకి ఎగిరాడు, అక్కడ్నించి బాల్ ఇంకో ఈక్వెడార్ ఆటగాడు ఎస్ట్రాడా వైపు వెళ్ళింది. టోరెస్‌కి బాల్ తగిలిన ఆ క్షణంలో ఎస్ట్రాడా కాలికీ గోల్ లైన్‌కీ మధ్య ఖతార్ వాడు ఒక్కడే ఉన్నాడు, ఇద్దరు ఉండాలి. ఎస్ట్రాడా ఆ బాల్ ఆడాడు, దాంతో ఆఫ్‌సైడ్ అయిపోయింది, ఆ తర్వాత వాలెన్సియా ఎంత బాగా కొట్టినా లెక్కలోకి రాదు. అందుకని కీపర్ బయటికొచ్చాడంటే నువ్వు వెంటనే ఇద్దర్ని లెక్కపెట్టు, లాస్ట్ డిఫెండర్ మాట మర్చిపో. (ఆ మ్యాచ్ ఈక్వెడార్ 2-0తో గెలిచిందిలే, రెండూ వాలెన్సియానే కొట్టాడు.)

ఇంకో సంగతి, ఆ పొజిషన్‌లో ఊరికే నిలబడ్డం తప్పు కాదు. బాల్ ఆడాలి, లేదా కీపర్ చూపుకి అడ్డుపడాలి, డిఫెండర్‌ని కదలనివ్వకుండా చేయాలి, లేదా పోల్‌కి తగిలో కీపర్ ఆపితేనో వెనక్కొచ్చిన బాల్ దొరకబుచ్చుకోవాలి, అప్పుడే తప్పు. కామెంటేటర్ ఇంటర్‌ఫియర్ అయ్యాడా లేదా అంటున్నాడంటే గొడవంతా దీని గురించే, పొజిషన్ గురించి కాదు. ఎవడైనా నిజంగానే ముందుండి, బాల్ జోలికి పోకుండా, ఎవరికీ అడ్డుపడకుండా ఉంటే ఆట ఆగదు, అదీ గుర్తుంచుకో. ఇక త్రో ఇన్, గోల్ కిక్, కార్నర్ నుంచి నేరుగా బాల్ అందితే అసలు ఆఫ్‌సైడే ఉండదు, ఫ్రీ కిక్‌కి మాత్రం ఉంటుంది.

ప్లేడ్ హిమ్ ఆన్‌సైడ్ అని వింటావు చూడు, అది డిఫెండర్ గురించి చెప్తున్న మాట. నలుగురు డిఫెండర్లు ఒక గీతలాగా ముందుకు జరుగుతారు, స్ట్రైకర్ వాళ్ళ వెనక మిగిలిపోవాలని, దాన్నే ట్రాప్ అంటారు, అంత ముందుకొచ్చి నిలబడితే హై లైన్ అంటారు. ముగ్గురు జరిగి ఒక్కడు అటు చివర్న ఆలస్యంగా కదిలితే చాలు, స్ట్రైకర్ ఆన్‌సైడ్ అయిపోతాడు. అదే కుదిరితే ఎంత బాగుంటుందో చూడాలంటే అదే వరల్డ్ కప్‌లో సౌదీ అరేబియా అర్జెంటీనా మ్యాచ్ చూడు, మెస్సీ పెనాల్టీతో ముందుకెళ్ళిన అర్జెంటీనా ఫస్ట్ హాఫ్‌లో ఇంకో మూడుసార్లు బాల్ నెట్‌లో వేసింది, మూడూ ఆఫ్‌సైడే. సౌదీ వాళ్ళు ప్రాణాలకి తెగించి ముందుకి జరిగారు, ఆ రోజు 2-1తో గెలిచారు. నాకు గోల్స్ కంటే ఆ గీత కదలడం చూడ్డమే ఇష్టం.

జెండా ఆలస్యంగా ఎందుకు లేస్తుంది అని కూడా అడిగావు. వీఏఆర్ ఉన్న మ్యాచ్‌లో గోల్ పడే అవకాశం కనిపిస్తుంటే, అనుమానం ఉన్నప్పుడు అసిస్టెంట్ రెఫరీ జెండా వెంటనే లేపడు, ఎటాక్ అయిపోయేదాకా ఆగుతాడు. ముందే లేపి ఆట ఆపేస్తే, తర్వాత అది ఆన్‌సైడ్ అని తేలినా పోయిన గోల్ తిరిగి రాదు కదా.

ఆదివారం మ్యాచ్ చూసేటప్పుడు కాసేపు బాల్ వదిలేయి. మిడ్‌ఫీల్డ్‌లో ఎవడైనా తలెత్తి ముందుకి చూశాడంటే పాస్ వస్తోందని అర్థం, వెంటనే నీ చూపు డిఫెండర్ల గీత మీదకి తిప్పు, కాలు తగిలిన చప్పుడు వినగానే ఎవరు ఎక్కడున్నారో మనసులో ఫొటో తీసుకో, కామెంటేటర్ కంటే ముందే ఆఫ్‌సైడో కాదో చెప్పి, తర్వాత రీప్లేతో సరిచూసుకో. మొదట్లో చాలా తప్పుతాయి, అయినా చెప్తూనే ఉండు, ఏది తప్పిందో నాకు రాయి, ఇద్దరం కలిసి ఆ రీప్లే చూద్దాం.

మీ బాబాయ్