ఏ మీట ఆన్, ఏది ఆఫ్?

"అయ్యా, రొయ్యల కౌంటు రేట్లూ వాతావరణమూ చెప్పే యాప్ ఒకటి వేసుకున్నానండి. అనుమతుల స్క్రీన్‌షాట్ పంపుతున్నాను. ఉన్నదంతా తెలుగే గానీ ఏ మీట ఏం చెబుతోందో తెలియట్లేదు. 'నా సమాచారం అమ్మవద్దు' అన్నది ఆన్‌లో ఉండాలా, ఆఫ్‌లోనా?"
– ఒక రైతు, అమలాపురం దగ్గర

ఆన్‌లోనే ఉండాలండి. మీట ఆన్ చేస్తే పక్కనున్న మాట అమల్లోకి వస్తుంది. ఆ మాటలోనే 'వద్దు' ఉంటే, ఆన్ చేసినప్పుడే మీరు వద్దన్నట్టు. మీరు పైవన్నీ ఆఫ్ చేసిన ఊపులో దీన్నీ ఆఫ్ చేశారు. అంటే అమ్ముకోమన్నట్టే.

దాని కింద మీట ఇంకా చిక్కు. 'ప్రకటనల కోసం నా వివరాలు వా...' దగ్గర తెగిపోయింది. అది 'వాడు' కావచ్చు, 'వాడవద్దు' కావచ్చు. తెలుగులో కాదనే మాట క్రియ చివర్న వస్తుంది కాబట్టి, లేబుల్ తెగితే ముందు పోయేది అదే. ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు తగ్గించి, మాట పూర్తిగా కనిపించాకే మీట ముట్టుకోండి.

బూడిదరంగులో కదలకుండా ఉన్న 'తప్పనిసరి' సంగతి వదిలేయండి. లాగిన్ లాంటివి నడవడానికి అది ఉంటుంది.

'న్యాయబద్ధమైన ఆసక్తి' అన్న మీట మీ స్క్రీన్‌షాట్‌లో ఆన్‌లో ఉంది. ఇది యూరప్ గోప్యతా చట్టం నుంచి వచ్చిన మాట. కొన్ని పనులకు కంపెనీ మీ అనుమతి అడగకుండానే, తన వ్యాపార అవసరం చూపి, మీ వివరాలు వాడుకోవచ్చు. మీకు ఇష్టం లేకపోతే అభ్యంతరం చెప్పాలి. ఆఫ్ చేయడమే ఆ అభ్యంతరం. 'మా వ్యాపార అవసరాలకు' అని రాసి ఉంటే మీకు ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. మన దేశపు 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో అనుమతి అవసరం లేని సందర్భాల జాబితా వేరేగా ఉంది, ఈ పేరుతో కంపెనీలకు అంత వెసులుబాటు లేదు.

ఇక 'ఖచ్చితమైన లొకేషన్'. ఇది ఆన్ అయితే మీరు ఏ చెరువు గట్టు మీద ఉన్నారో దాదాపుగా తెలిసిపోతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి 'సుమారు' లొకేషన్ ఇచ్చే వీలుంది. అది సుమారు 3 చదరపు కిలోమీటర్ల మేర చూపిస్తుంది. వాన కబురుకు, కౌంటు రేటుకు అది చాలు.

ఒక్క సంగతి. యాప్‌లోని మీట కంపెనీ ఇచ్చే మాట మాత్రమే, అసలు తాళం ఫోన్ దగ్గరే ఉంటుంది. యాప్‌లో లొకేషన్ ఆఫ్ చేసినా, ఫోన్‌లో ఇచ్చిన అనుమతి అలాగే ఉండిపోవచ్చు. సెట్టింగ్స్‌లో యాప్ పేరు తెరిచి, అనుమతుల్లో లొకేషన్ దగ్గర 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' ఎంచుకుని, ఖచ్చితమైన లొకేషన్ ఆఫ్ చేయండి. మర్నాడు సెట్టింగ్స్‌లోనే ఉండే ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరిస్తే, గడిచిన 24 గంటల్లో ఏ యాప్ ఎప్పుడు లొకేషన్ చూసిందో టైముతో సహా కనిపిస్తుంది. మీరు యాప్ తెరవని వేళ అక్కడ దాని పేరుంటే, అనుమతి పూర్తిగా తీసేయండి.