‘నొచ్చుకుని ఉంటే’

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. మిర్చి యార్డు పేజీలు బాగున్నాయి. పదకొండో పేజీకి వచ్చేసరికి మాత్రం కాగితాలు బల్లమీద పడేసి లేచిపోయాను. చెల్లెలి గొలుసు చెప్పకుండా తాకట్టు పెట్టిన అన్న చేత ‘నీ మనసు నొచ్చుకుని ఉంటే క్షమించమ్మా’ అనిపించావు. ఆమె వెంటనే ఏడ్చి అతని భుజం మీద వాలిపోయింది. ఏ చెల్లెలు వాలుతుంది?

ఆ వాక్యంలో క్రియలు చూడు. నొచ్చుకున్నది ఆమె, క్షమించవలసిందీ ఆమె. అతను చేసిన పని ఒక్కటీ లేదు. పైగా ‘ఉంటే’ అట, ఆమె బాధపడిందో లేదో ఇంకా తేలనట్టు! ‘పొరపాటు జరిగింది’ అనేదీ ఇలాంటి చాటే. వాన కురిసినట్టు దానంతటదే జరిగిపోయిందన్నమాట. 2019లో బ్రిటిష్ ప్రధాని థెరిసా మే జలియన్‌వాలాబాగ్ గురించి పార్లమెంటులో మాట్లాడుతూ, జరిగినదానికీ కలిగిన బాధకూ తీవ్రంగా విచారిస్తున్నామన్నారు. కాల్చింది ఎవరో ఆ వాక్యంలో లేదు. 2016లో కెనడా ప్రధాని ట్రూడో, 1914లో భారతీయ వలసదారులతో వచ్చిన కొమగట మారు ఓడ ప్రయాణికులను అడ్డుకున్న చట్టాలకు కెనడా ప్రభుత్వానిదే బాధ్యత అని ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. తేడా కర్తలో ఉంది.

నా రెండో కథను విజయవాడలో ఒక వారపత్రిక చివరి పేజీ లేకుండా అచ్చువేసింది. సంపాదకుడి ఉత్తరంలో ‘మీకు అసౌకర్యం కలిగి ఉంటే చింతిస్తున్నాం’ అని ఉంది. ఆ సంపాదకుల తరమంతా అదే వాక్యంతో బతికింది, నేను ఇప్పటికీ మరిచిపోలేదు. వారం తర్వాత ప్రెస్సులో అక్షరాలు కూర్చే మనిషి బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. ‘ఆ కాగితం నేనే పోగొట్టానండి. తిట్లు పడతాయని ఎవరికీ చెప్పలేదు’ అన్నాడు. క్షమించమని అడగలేదు. నా తర్వాతి కథకు ప్రూఫు తనే తెచ్చి చూపించాడు.

నీ అన్న చేతా అలాగే చెప్పించు: ‘నిన్ను అడగకుండా గొలుసు తాకట్టు పెట్టాను. అడిగితే లాకర్లో ఉందని అబద్ధం చెప్పాను. పెళ్ళిలో నువ్వు బోసి మెడతో నిలబడింది నావల్లే.’ మిర్చి ధర పడిపోయిన సంగతి అక్కడ ఎత్తనివ్వకు. అది నిజమే కావచ్చు, అయినా ‘కానీ’ అన్న మరుక్షణం ముందు చెప్పినదంతా చెరిగిపోతుంది. ఎందుకు చేశావని ఆమె అడిగితే అప్పుడు చెప్పవచ్చు. విడిపిస్తానని ఊరికే మాట ఇస్తే చాలదు. తాకట్టు రసీదు ఆమె చేతిలో పెట్టాలి, ఏ నెలకు ఎంత కడతాడో చెప్పాలి.

‘క్షమించు’ అన్న మాట కొట్టెయ్యి. ఆ మాట అంటే జవాబు చెప్పే భారం మళ్ళీ ఆమె మీదే పడుతుంది.

పోటీల గురించీ, పారితోషికం గురించీ అడిగావు. వాటికి ఇప్పుడు ఓపిక లేదు. ముందు ఆ పేజీ తిరగరాయి. ఆ రాత్రి చెల్లెలు రసీదు తీసుకుని, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసుకోవాలి. అన్నను వరండాలోనే కూర్చోబెట్టు. అలా రాసి కథ పంపు, చదువుతాను.