రెండింట్లోనూ పోర్చుగలే ముందుంటే, ఇంగ్లండ్ బట్ట ఎందుకు కొనాలి?

ప్రశ్న: సార్, మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ మొదటి సంవత్సరం. అన్నీ తక్కువ శ్రమతో చేసుకోగల దేశానికి కూడా వ్యాపారం లాభమేనట. అది తనకి ఎక్కడం లేదు. ఈ సబ్జెక్టు మాన్పించి డేటా ఎనలిటిక్స్‌లో చేర్పించమంటారా? – ఒక తల్లి

జవాబు: టెన్షన్ పడకండమ్మా. ఈ చాప్టర్ దగ్గర దాదాపు అందరూ ఆగుతారు, అదీ ఒకే చోట.

1817లో డేవిడ్ రికార్డో ఇచ్చిన లెక్క ఇది. పోర్చుగల్‌లో ఒక లాట్ వైన్ తీయడానికి 80 మంది ఏడాది పని చేయాలి, ఒక లాట్ బట్టకి 90 మంది. ఇంగ్లండ్‌లో వైన్‌కి 120, బట్టకి 100. పిల్లలు వెంటనే 80ని 120తో, 90ని 100తో పోలుస్తారు. రెండింట్లోనూ పోర్చుగలే గెలిచింది కాబట్టి ఇక కొనేదేముంది అంటారు. పోల్చాల్సింది అలా కాదు. ఒక దేశం లోపలే, ఇది చేస్తే అది ఎంత వదులుకోవాలో చూడాలి. దాన్నే అవకాశ వ్యయం అంటారు.

పోర్చుగల్ రెండూ సొంతంగా చేసుకుంటే 170 మంది కావాలి. అదే రెండు లాట్ల వైన్ తీసి, ఒకటి ఇచ్చి ఒక లాట్ బట్ట తెచ్చుకుంటే 160 మందితో సరిపోతుంది. బట్ట నేయడానికి 90 మందిని పెట్టే బదులు, 80 మంది తీసిన వైన్‌తో ఆ బట్టే వచ్చింది. ఇంగ్లండ్‌కి 220 బదులు 200 చాలు. అక్కడ 10 మంది, ఇక్కడ 20 మంది మిగిలారు.

అయితే బట్ట ధర లాట్‌కి ఒకటింబావు లాట్ల వైన్‌కి చేరితే పోర్చుగల్ కొనదు, ఎందుకంటే దానికి 100 మంది శ్రమ పోతుంది. తనే నేసుకుంటే 90 చాలు. ఇంకో మాట కూడా అమ్మాయికి చెప్పండి. మిగులు దేశం మొత్తానిది. పని పోయిన పోర్చుగల్ నేతగాడికి అందులో వాటా దానంతటదే రాదు. పెట్టుబడి స్వేచ్ఛగా దేశం దాటగలిగితే రెండూ పోర్చుగల్‌లోనే తయారయ్యేవని రికార్డోయే ఒప్పుకున్నాడు. అసలు ఆ రెండు దేశాల మధ్య వైన్, బట్టల వ్యాపారం పెరగడంలో 1703 నాటి మెథ్యూన్ ఒప్పందంలోని సుంకాల రాయితీల పాత్ర కూడా ఉంది.

ఇక డేటా ఎనలిటిక్స్ సంగతి. ఆ పేరుతో నడిచే కొన్ని నెలల కోర్సుల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. సాఫ్ట్‌వేర్ వాడటం నేర్పుతారు, ఏ అంకెని దేనితో పోల్చాలో చాలాచోట్ల నేర్పరు. 80ని 120తో పోల్చిన పిల్ల అక్కడా అదే పొరపాటు చేస్తుంది, కాకపోతే రంగుల గ్రాఫ్‌లో చేస్తుంది. ఒక్క చాప్టర్ ఎక్కలేదని కోర్సే మార్చేద్దామనడం మీ తొందరపాటమ్మా. అర్థం కాలేదని ఇంట్లో చెప్పిన పిల్లని అలా భయపెడితే రేపు చెప్పడం మానేస్తుంది.

ఈ వారం ఒక పని చేయించండి. ఇంగ్లండ్ బట్టకి 100 తీసేసి 135 పెట్టి లెక్క మళ్లీ చేయమనండి. అప్పుడు ఏ ధరకి మార్చుకున్నా ఇద్దరికీ లాభం రాదు. ఎందుకు రాలేదో తను మీకు వివరించగలిగితే కోర్సు మార్చే మాట వదిలేయండి.