ఆమె రాసుకున్న చోటికి నేనొక్కడినే వెళ్లొచ్చా?

ప్రశ్న: నా భార్య పోయి 14 నెలలైంది. చూడాలనుకున్న చోట్లన్నీ ఆమె డైరీ చివరి పేజీలో రాసుకుంది. ‘రిటైరయ్యాక వెళ్దాం’ అని వాయిదా వేసింది నేనే. ఒక్కచోటికైనా వెళ్లి రమ్మని పిల్లలంటున్నారు. ఆమె లేకుండా వెళ్తే తప్పు చేసినట్టు ఉంటుందేమో. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండి. కానీ ఆ లిస్టు పూర్తి చేయడానికని మాత్రం వెళ్లకండి. వాయిదా వేశానన్న బాధలోంచి బయల్దేరితే ప్రయాణం శిక్షలా తయారవుతుంది, ప్రతి చోటా ‘అప్పుడే తీసుకొచ్చి ఉంటే’ అన్న మాటే వెంటాడుతుంది.

మీలాగే నా దగ్గరికి వచ్చిన ఒకాయన సంగతి చెప్తాను, వివరాలు కాస్త మార్చి. ఆయన భార్య రాసుకున్న వాటిలో అన్నిటికంటే ఇష్టమైనది కాకుండా, దగ్గర్లో ఉన్న ఒక లైట్‌హౌస్‌ని ఎంచుకున్నాం. ఒక్క రాత్రి బస, అదీ ఆమె పోయిన తేదీకి దూరంగా. అక్కడ టికెట్ ఇచ్చే మనిషి ‘ఎంతమంది?’ అంటే ఆయన నోటివెంట ‘ఇద్దరం’ అని వచ్చేసింది. ఇక లోపలికి వెళ్లలేక బయట బెంచీ మీద చాలాసేపు ఏడ్చారు. తర్వాత పైకి ఎక్కారు. పైన గాలి హోరు, చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, ‘ఇన్ని మెట్లా’ అని ఆమె తప్పకుండా విసుక్కునేదని తోచి నవ్వొచ్చిందట. ఇంటికొచ్చాక డైరీలో ఆ పేరు కొట్టేయలేదు, పక్కన ‘నాకు నచ్చలేదు, నువ్వుంటే గొడవపడేవాళ్లం’ అని రాశారు.

ఒకే పూటలో ఆ ఏడుపూ ఆ నవ్వూ రావడం మామూలే. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో చెప్పింది ఇదే: తోడును పోగొట్టుకున్న మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు ఎదుటనున్న బతుకు వైపు ఊగుతూ ఉంటాడు, రెండూ కావాలి. అందుకే రోజంతా ఆమె కోసమే అని పెట్టుకోకండి, సగం పూట మీకు నచ్చింది చేయండి. ఆమె చూడాల్సినవన్నీ ఫొటోలు తీయాలన్న టెన్షన్ కూడా వద్దు.

అక్కడికి చేరాక ఏడుపొస్తే భయపడకండి, అది వచ్చి తగ్గుతుంది. ఆయనకి కష్టమైంది లైట్‌హౌస్ దగ్గర కాదు, రాత్రి గదిలో, చెప్పుకోవడానికి మనిషి లేక. అలా ఉంటుందని ఊహించే, రాత్రి ఫోన్‌లో మాట్లాడాలని తమ్ముడితో ముందే అనుకున్నారు. మీరూ పిల్లల్లో ఒకరికి టైమ్ చెప్పి ఉంచండి. తిరిగొచ్చిన మర్నాడు ఏ పనీ పెట్టుకోకండి.

ఒక్క విషయం మాత్రం చూసుకోండి. ఏడాది దాటాక కూడా దాదాపు రోజూ ఆమె కోసం తపన అంతే తీవ్రంగా ఉండి, ఆమె లేదన్నది నమ్మలేక, రోజువారీ పనులు, మనుషులతో మాటలు ఆగిపోతే ప్రయాణం పక్కన పెట్టి ముందు సైకియాట్రిస్టునో సైకాలజిస్టునో కలవండి, ఇలాంటి దుఃఖానికి ప్రత్యేకమైన చికిత్స ఉంది. చచ్చిపోవాలనిపిస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పండి.

అలా లేకపోతే, ఆ పేజీలో మీకు తక్కువ బరువనిపించే పేరు ఒకటి చూసుకుని, వెళ్లే తేదీ ఈ వారమే పిల్లలకు చెప్పేయండి. మిగతా పేర్ల గురించి ఇప్పుడే ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేదు.