నిఫ్టీ రికార్డులో ఉంటే నా షేర్లెందుకు దిగుతున్నాయి?

"సార్, మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. నిఫ్టీ కొత్త రికార్డు అని టీవీలో రోజూ చెబుతున్నారు. నా స్మాల్‌క్యాప్ ఫండ్, నాలుగైదు చిన్న షేర్లు మాత్రం మూడు నెలలుగా దిగుతూనే ఉన్నాయి. ప్లాట్ అమ్మిన 8 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. వాటిలో 3 లక్షలు వచ్చే ఏడాది అమ్మాయి బీటెక్ ఫీజుకు కావాలి. చిన్న షేర్లు కూడా నిఫ్టీని అందుకుంటాయి, మొత్తం ఇప్పుడే వాటిలో పెట్టు అంటున్నాడు మా బావమరిది. అడ్వాన్స్ డిక్లైన్ లైన్ చూస్తే సంగతి తెలుస్తుందని ఎవరో అన్నారు. అదేంటి? ఏం చేయమంటారు?"

మొత్తం ఇప్పుడే పెట్టకండి. ఎందుకు వద్దంటున్నానో మీ ప్రాంతపు లెక్కతోనే చెప్తాను.

సాగర్‌లో నీటిమట్టం 590 అడుగులకు చేరితే డ్యామ్ నిండినట్టు. కానీ ఎడమ కాలువ చివరి భూములకు నీళ్లు అందాయా లేదా అన్నది ఆ 590 అంకెలో కనపడదు. అది తెలియాలంటే ఎన్ని పొలాలు తడిశాయో, ఎన్ని ఎండాయో లెక్కపెట్టాలి. నిఫ్టీ అంకె డ్యామ్ మట్టం లాంటిది. అడ్వాన్స్ డిక్లైన్ లైన్ పొలాల లెక్క.

నిఫ్టీలో 50 కంపెనీలున్నా అన్నింటికీ సమానమైన బరువు లేదు. మార్కెట్లో విలువ ఎక్కువున్న కంపెనీకి బరువు ఎక్కువ. ఉదాహరణకు 12 పెద్ద కంపెనీల బరువు కలిపి 60 శాతం, మిగతా 38 కంపెనీలది 40 శాతం అనుకుందాం. ఒక రోజు ఆ 12 పెద్దవి 2 శాతం పెరిగి, 38 చిన్నవి 1 శాతం తగ్గాయి. 60 శాతంలో 2 శాతమంటే 1.2, 40 శాతంలో 1 శాతమంటే 0.4. తీసేస్తే నిఫ్టీ 0.8 శాతం పెరిగినట్టు చూపిస్తుంది. టీవీలో ఆకుపచ్చ బాణం వస్తుంది. నిజానికి ఆ రోజు 50లో 38 షేర్లు నష్టపోయాయి. మీ షేర్లు ఉన్నది ఆ 38 లాంటి వాటిలోనే.

అడ్వాన్స్ డిక్లైన్ లైన్ ఈ బరువుల్ని పక్కన పెడుతుంది. పెరిగిన షేర్ల సంఖ్యలోంచి తగ్గిన షేర్ల సంఖ్య తీసేసి, వచ్చిన అంకెను నిన్నటి మొత్తానికి కలుపుతుంది. మారని షేర్లు లెక్కలోకి రావు. స్టాక్ ఎక్స్ఛేంజ్ ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లో 500 కంపెనీల సూచీ NIFTY 500 ఎంచుకుంటే ఆ రోజు ఎన్ని పెరిగాయో, ఎన్ని తగ్గాయో Advances, Declines అని కనిపిస్తాయి. మార్కెట్ మొత్తం లెక్క కంటే ఈ 500 లెక్కే తీసుకోమంటాను. మొత్తంలో ఎవరూ పెద్దగా కొనని, అమ్మని షేర్లు కలిసి ఉంటాయి, వాటి ఊగిసలాట మనకు అనవసరం.

ఒక వారం లెక్క వేసి చూద్దాం. ఇవి ఊహించిన అంకెలు. సోమవారం 290 పెరిగి 205 తగ్గాయి: సున్నా నుంచి మొదలుపెడితే లైన్ 85. మంగళవారం 210, 285: 75 తగ్గి 10. బుధవారం 190, 305: మైనస్ 105. గురువారం 240, 255: మైనస్ 120. శుక్రవారం 180, 315: మైనస్ 255. ఇదే వారంలో నిఫ్టీ కాస్త పెరిగిందనుకోండి, మీ దిగులుకు కారణం దొరికినట్టే. ఎక్సెల్‌లో తేదీ, పెరిగినవి, తగ్గినవి, లైన్ అని నాలుగు కాలమ్‌లు పెట్టుకుని, మొదటి రోజు లైన్ గడి D2లో చేత్తో తేడా వేసి, రెండో రోజు గడి D3లో ఇది రాసి కిందికి లాగండి:

```
=D2+B3-C3
```

లైన్ 85లో ఉందా, మైనస్ 255లో ఉందా అన్నది ముఖ్యం కాదు, ఎందుకంటే మొదలుపెట్టిన సున్నా మనం పెట్టుకున్నదే. చూడాల్సింది దిశ. అది కూడా ఒక్క వారంతో తేలదు. నిఫ్టీ ఒక శిఖరం చేరి, కొంచెం దిగి, మళ్లీ అంతకంటే పైకెళ్లినప్పుడు, రెండు శిఖరాల దగ్గరా లైన్ ఎక్కడుందో పోల్చాలి. నిఫ్టీ రెండో శిఖరం ఎత్తుగా ఉండి, లైన్ మాత్రం మొదటిసారి కంటే కింద ఉంటే, పరుగు కొద్దిమంది భుజాల మీదే నడుస్తోందని అర్థం.

2018 మీకు చెప్పాలి. ఆ ఏడు జనవరి 29న నిఫ్టీ 11,130 దగ్గర ముగిసింది. తర్వాత దిగి, ఆగస్టు 28న 11,738తో కొత్త రికార్డు చేసింది. మిడ్‌క్యాప్, స్మాల్‌క్యాప్ సూచీలు మాత్రం జనవరి శిఖరాన్ని అందుకోలేదు, చాలా కిందే ఉన్నాయి. చిన్నవి ఇక అందుకుంటాయని ఆగస్టులో వాటిలో డబ్బు పోసినవాళ్లు నాకు తెలుసు. సెప్టెంబర్‌లో ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ కంపెనీ అప్పులు కట్టలేకపోయిన గొడవ బయటపడింది, అక్టోబర్ 26కల్లా నిఫ్టీయే 10,030కి దిగింది.

అక్కడితో కథ అయిపోలేదు. నిఫ్టీ మళ్లీ లేచి 2020 జనవరిలో 12,400 దాకా వెళ్లింది. స్మాల్‌క్యాప్ సూచీ అప్పటికీ 2018 నాటి శిఖరానికి బాగా దూరంలోనే ఉంది. అంటే నిఫ్టీకీ చిన్నవాటికీ తేడా కనపడింది కదా అని పెద్ద షేర్లన్నీ అమ్మేసి మళ్లీ కొననివాళ్లు ఆ తర్వాతి పెరుగుదలను పోగొట్టుకున్నారు. ఈ లైన్‌తో అసలు ఇబ్బంది ఇదే. ఎక్కడ బలం లేదో చెబుతుంది, ఎప్పుడు పడుతుందో చెప్పదు. అమెరికాలో న్యూయార్క్ ఎక్స్ఛేంజ్ లైన్ 1998 ఏప్రిల్‌లోనే శిఖరం చూసి దిగడం మొదలుపెట్టింది, ఎస్ అండ్ పీ 500 సూచీ 2000 మార్చి దాకా పైకే వెళ్లింది. దాదాపు రెండేళ్ల ముందుగా వచ్చిన హెచ్చరిక అది. పైగా ఐదు పైసలు పెరిగిన షేరూ, పది శాతం పెరిగిన షేరూ ఈ లెక్కలో ఒకటే.

అందుకే దీన్ని అమ్మకానికి గంటలా వాడొద్దు. కొత్త డబ్బు ఎంత వేగంగా పెట్టాలన్న దానికి వాడండి. మీ బావమరిది మాటలో ఉన్న పొరపాటు అక్కడే ఉంది. చిన్నవి వెనకబడ్డాయంటే తప్పక అందుకుంటాయని కాదు, కొన్నిసార్లు పెద్దవే కిందికొచ్చి వాటిని కలుస్తాయి.

మీ 8 లక్షల్లో ఫీజు డబ్బు 3 లక్షలకు ఈ లైన్‌తో పని లేదు. ఫీజు కట్టే నెల చూసుకుని, దానికి ముందే గడువు తీరేలా బ్యాంకులో ఎఫ్‌డీ వేయండి. మిగతా 5 లక్షలు ఏడేళ్ల దాకా ముట్టుకోనక్కర్లేదంటేనే షేర్లలోకి రావాలి. అలాంటప్పుడు పెద్దగా ఊగిసలాడని లిక్విడ్ ఫండ్‌లో ఉంచి, నెలకు 25,000 చొప్పున 20 నెలలు నిఫ్టీ 500 సూచీలోని షేర్లనే కొనే ఇండెక్స్ ఫండ్‌లోకి మార్చండి. అందులోనూ పెద్ద కంపెనీల బరువే ఎక్కువ, కానీ మీ దగ్గర ఇప్పటికే చిన్నవి ఉన్నాయి కాబట్టి అది మీకు సరిపోతుంది. స్మాల్‌క్యాప్ ఫండ్ ఉన్నదున్నట్టు ఉంచండి, కొత్తగా కలపొద్దు.

ఆ నాలుగైదు షేర్ల సంగతి వేరు. వాటి కంపెనీల లాభాలు, అప్పులు చూడకుండా ఉంచమనీ అమ్మమనీ నేను అనలేను. పేర్లు, కొన్న ధర రాసి పంపండి.

రెండు నెలలు ఆ ఎక్సెల్ నింపండి. నిఫ్టీ తన పాత శిఖరం దాటినప్పుడు మీ లైన్ కూడా తన పాత శిఖరం దాటితే, నెలకు 25,000 బదులు 40,000 చేయొచ్చు.